48 స్లైడ్లు, 20 నిమిషాలు

గంటసేపు చెప్పడానికి తయారుచేసుకున్న పీపీటీ ఒకటి చేతిలో ఉంటుంది. అంతలో ఫోన్ వస్తుంది: "సార్, ఈసారి మీకు 20 నిమిషాలే ఇవ్వగలం." సరేనంటాం. ఆ తర్వాత చాలామంది చేసే పని ఒకటే. అక్కడొక స్లైడు, ఇక్కడొక స్లైడు తీసేసి, మిగతావి అక్షరాలు చిన్నవి చేసి రెండేసి కలిపేసి, ఇంకా మిగిలినదాన్ని వేగంగా చదివేద్దాం అనుకుంటారు. సభలో జరిగేదీ తెలిసిందే. పదిహేనో నిమిషంలో నిర్వాహకుడు చీటీ పంపుతాడు, వక్త "ఇది వదిలేద్దాం, ఇదీ వదిలేద్దాం" అంటూ బటన్ నొక్కుతుంటాడు, అసలు విషయం ఉన్న స్లైడ్లు జనం కళ్ల ముందే పరుగెత్తిపోతాయి.

దీన్ని సరిగ్గా ఎలా చేయాలో ఒక ఉదాహరణతో చూద్దాం. పాము కాటు వైద్యంపై మెడికల్ కాలేజీలో గంట ఉపన్యాసం ఇచ్చే డాక్టరు గారు ఒకరున్నారనుకుందాం. పీపీటీలో 48 స్లైడ్లు. ఇప్పుడాయన అదే విషయాన్ని పీహెచ్‌సీల మెడికల్ ఆఫీసర్లకు, స్టాఫ్ నర్సులకు సమీక్షా సమావేశం మధ్యలో 20 నిమిషాల్లో చెప్పాలి. ఈ ఉదాహరణే ఎందుకంటే, ఇందులో ఏ స్లైడునూ పనికిరానిదని తీసిపారేయలేం. అన్నీ నిజాలే, అన్నీ అవసరమైనవే. అసలు కష్టం ఎదురయ్యేది అలాంటిచోటే.

ముందు 20 నిమిషాలంటే ఎంతో తేల్చుకోవాలి. పేరు పిలిచాక వేదిక ఎక్కి, కేబుల్ తగిలించి, స్క్రీన్ వచ్చేసరికి ఒక నిమిషం పోతుంది. చివర్లో రెండు మూడు ప్రశ్నలైనా రావాలి. కాబట్టి మాట్లాడడానికి మిగిలేది 16 నిమిషాలు. కోత ఆ 16కు సరిపడా కోయాలి.

తర్వాత పాత పీపీటీలో కాలం ఎక్కడ ఖర్చవుతోందో కొలవాలి. స్లైడ్లు లెక్కపెడితే ఇది తెలియదు. ఒక ఫోటో స్లైడు 10 సెకన్లలో అయిపోతుంది, ఒక పట్టిక నాలుగు నిమిషాలు మింగేస్తుంది. పవర్‌పాయింట్‌లో Slide Show మెనూలో Rehearse Timings అని ఉంటుంది. దాన్ని నొక్కి, గదిలో ఒక్కరే అయినా గట్టిగా, సభలో చెప్పినట్టే మొత్తం చెప్పాలి. చివర్లో టైమింగ్స్ దాచమంటారా అని అడుగుతుంది, దాచమనాలి. ఆ తర్వాత Slide Sorter తెరిస్తే ప్రతి స్లైడు కింద అది తిన్న కాలం కనిపిస్తుంది. ఒక జాగ్రత్త: ఆ టైమింగ్స్ అలాగే ఉంటే అసలు సభలో స్లైడ్లు వాటంతటవే ముందుకు కదిలిపోతాయి. కొలత అయిపోగానే Use Timings దగ్గర టిక్ తీసేయాలి.

మన డాక్టరు గారి లెక్క ఇలా తేలిందనుకుందాం. పేరు, విషయసూచిక, కృతజ్ఞతలకు 4 నిమిషాలు. పాముల జాతులు, వాటిని గుర్తుపట్టే తీరుకు 11. గణాంకాలకు 8. విషం శరీరంలో ఏం చేస్తుందన్నదానికి 10. లక్షణాలకు 8. పరీక్షకు 4. విరుగుడు మందుకు, అంటే డాక్టర్లు ఏఎస్‌వీ అనే యాంటీ స్నేక్ వీనంకు, 9. పెద్దాసుపత్రికి పంపడానికి 2. మూఢనమ్మకాలకు 3. నివారణకు 1. ఈ లెక్క ఒక్కసారి చూస్తే చాలు. చికిత్స మొదలయ్యేసరికి 45 నిమిషాలు గడిచిపోతున్నాయి. కాలేజీ విద్యార్థులకు అది తప్పు కాదు, వాళ్లకు పునాది కావాలి. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు కావలసింది చివరి పావుగంట.

ఇక్కడ తేలికైన దారి ఒకటి ఊరిస్తుంది. ప్రతి భాగాన్నీ మూడో వంతు చేస్తే 60 కాస్తా 20 అవుతుంది కదా అని. జాతులకు మూడున్నర నిమిషాలు, గణాంకాలకు రెండున్నర, ఏఎస్‌వీకి మూడు. కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. వినేవాళ్లకు మాత్రం పది విషయాల గురించి తలా కొంచెం తెలుస్తుంది, ఏ ఒక్కదాంట్లోనూ పని చేయడానికి సరిపడా తెలియదు. ఏఎస్‌వీ ఎలా ఎక్కించాలో మూడు నిమిషాల్లో విన్న నర్సు ఆ రాత్రి మళ్లీ ఎవరికో ఫోన్ చేసి అడగాల్సిందే.

అందుకే కత్తెర పట్టేముందు ఒక వాక్యం రాసుకోవాలి: ఈ 20 నిమిషాలు విన్న మనిషి రేపు ఏం చేయగలగాలి? "పాము కాటు గురించి అవగాహన" అని రాస్తే అది వాక్యం కాదు, ఫ్లెక్సీ మీద రాసుకునే మాట. దాంతో ఏ స్లైడునూ తీసేయలేం. మన డాక్టరు గారు రాసుకున్నది ఇదీ: "ఏ పాము కరిచిందో తెలియకపోయినా, ఏఎస్‌వీ మొదలుపెట్టాలో లేదో తేల్చగలగాలి, పెద్దాసుపత్రికి పంపాల్సివస్తే మొదటి డోసు మొదలుపెట్టి పంపగలగాలి."

ఈ వాక్యం రాగానే 11 నిమిషాల భాగం ఒకటి దానంతటదే రాలిపోతుంది. మన దేశంలో వాడే ఏఎస్‌వీ నాలుగు పాముల విషానికి కలిపి చేసిన మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. నాలుగింటికీ ఒకటే సీసా కాబట్టి, మందు మొదలుపెట్టడానికి ఏ జాతో తేల్చాల్సిన పని లేదు. పడగ మీది గుర్తు, పొలుసుల వరసలు, కోరల అమరిక, తొమ్మిది స్లైడ్లు. చూడముచ్చటైన ఫోటోలు, ఏళ్ల తరబడి పోగుచేసుకున్నవి. అయినా తీసేయాల్సిందే. పైగా అవి ఉంటే నష్టం కూడా. అన్ని నిమిషాలు జాతుల గురించి విన్నవాళ్లు రేపు రోగి బంధువులను "పామును చూశారా, పట్టుకొచ్చారా" అని అడుగుతూ కూర్చుంటారు.

గణాంకాలు ఆరు స్లైడ్లు. సంవత్సరాల వారీగా, రాష్ట్రాల వారీగా, వయసు వారీగా. ఇవి ఒప్పించడానికి పనికొస్తాయి. పాము కాటు సమస్యే కాదనుకునే అధికారి ఎదురుగా ఉంటే ఆరూ కావాలి. రోజూ కాటు కేసులు చూసే పీహెచ్‌సీ సిబ్బందిని ఒప్పించాల్సిన పనేముంది? ఒక్క స్లైడు చాలు. 2000 నుంచి 2019 వరకు దేశంలో ఏటా సగటున 58,000 మంది పాము కాటుతో చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఒక అంకె, ఒక పోలిక, ఒక నిమిషం.

ఇక కలపడం. కోతలో కష్టమైన పని ఇదే, ఎక్కువగా తప్పు జరిగేదీ ఇక్కడే. రెండు స్లైడ్లను పక్కపక్కన ఒకే తెర మీద పెడితే స్లైడు ఒకటి తగ్గుతుంది, నిమిషం ఒక్కటీ తగ్గదు. చెప్పాల్సిన మాటలు అన్నీ అలాగే ఉంటాయి, అక్షరాలు మాత్రం చివరి వరసకు కనిపించవు. రెండు స్లైడ్లూ ఒకే ప్రశ్నకు జవాబు చెబుతున్నప్పుడే కలిపితే కాలం మిగులుతుంది. దీన్ని పరీక్షించడం తేలిక: కలిపిన స్లైడుకు ఒక్క పూర్తి వాక్యం శీర్షికగా పెట్టి చూడండి. వాక్యం మధ్యలో "మరియు" వచ్చిందంటే అవి కలవలేదు, అతుక్కున్నాయంతే.

పాత పీపీటీలో విషం పనితీరు ఏడు స్లైడ్లు, లక్షణాలు ఆరు స్లైడ్లు. లక్షణాల భాగం పాముల వారీగా ఉంది: నాగుపాము కరిస్తే ఇవి, కట్లపాము కరిస్తే ఇవి, అలా నాలుగు, ఆపైన వాపు గురించి ఒకటి, విషం ఎక్కని కాటు గురించి ఒకటి. ఈ పదమూడింటినీ ఉన్నవి ఉన్నట్టు కలపడం కుదరదు. నర్సు దగ్గరికి వచ్చేది పాము పేరు కాదు, మనిషి. ఆ మనిషిలో ఏం కనిపిస్తోందన్నదే ఆమెకు మొదట తెలిసేది. అందుకని వరసే మార్చాలి. పాముల వారీగా ఉన్నదాన్ని కనిపించే గుర్తుల వారీగా తిప్పితే పదమూడు స్లైడ్లు రెండు నిలువు వరసల్లోకి వచ్చేస్తాయి. ఎడమవైపు నరాలు: కనురెప్పలు వాలడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం. కుడివైపు రక్తం: చిగుళ్ల నుంచి రక్తం, కాటు దగ్గర ఆగని రక్తం, మూత్రంలో రక్తం, గడ్డకట్టని రక్తం. పైన శీర్షిక: "ఈ రెంటిలో ఏ ఒక్కటి కనిపించినా విషం ఒంట్లోకి వెళ్లినట్టే."

ఇలా కలిపినప్పుడు పోయేది ఒకటుంటుంది, దాన్ని వెతికి పట్టుకోవాలి. పట్టిక గీయగానే నరాల విషం వేరు, రక్తం విషం వేరు అన్నట్టు కనిపిస్తుంది. దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ రక్తపింజర కాటుకు రక్తస్రావంతో పాటు రెప్పలు వాలడం కూడా చూస్తారు. పాత పీపీటీలో ఈ సంగతి రక్తపింజర స్లైడులో మూడో లైనుగా ఉండేది, కలపడంలో ఎగిరిపోయింది. పట్టిక అడుగున "రెండూ కలిసి కూడా రావచ్చు" అని ఒక లైను వేస్తే సరిపోతుంది. కలిపిన ప్రతి స్లైడునూ పాతవాటి పక్కన పెట్టుకుని, ఇలాంటి మినహాయింపులు ఏవి జారిపోయాయో ఒకసారి చూసుకోవడం మంచిది.

పట్టికలోకి ఇమడనిది కట్లపాము. అది ఎక్కువగా రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు, పంటి గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లారుజామున కడుపు నొప్పి అంటూ వస్తారు. గ్యాస్ ట్రబుల్ అనుకుని పంపించేస్తే మధ్యాహ్నానికి ఊపిరి ఆగిపోవచ్చు. పాత పీపీటీలో దీనికి ఒకటే స్లైడు. కొత్త పీపీటీలోనూ ఒక స్లైడు, రెండు నిమిషాలు. మొత్తం మూడో వంతుకు తగ్గుతున్నప్పుడు ఇది మాత్రం తగ్గకుండా నిలబడింది, అంటే నిష్పత్తిలో పెరిగినట్టే. కోతంటే ఇలా కొన్నిటిని పెంచడం కూడా.

పరీక్ష భాగంలో ఇంకో మెలిక ఉంది. రక్తం గడ్డకడుతోందో లేదో పీహెచ్‌సీలోనే చూసే పరీక్షకు పట్టేది కూడా సరిగ్గా 20 నిమిషాలే. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసుకుని, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ఇంకా నీళ్లలా జారుతుంటే రక్తం మీద విషం పనిచేసినట్టు. పాత పీపీటీలో మూడు స్లైడ్లు: రక్తం గడ్డకట్టే ప్రక్రియ బొమ్మ, పరీక్ష చేసే తీరు, తప్పులు. ఇందులో మామూలుగా ఎవరైనా తీసేసేది "తప్పులు" స్లైడునే, చిన్న చిన్న వివరాలే కదా అని. తీసేయాల్సింది ప్రక్రియ బొమ్మని. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగిన గొట్టం వాడినా మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టకపోవచ్చు, ఫలితం తప్పుగా వస్తుంది. ఆ రెండు లైన్లు ఉంటేనే మిగతా స్లైడుకు విలువ. కాబట్టి తీరు, తప్పులు కలిపి ఒక స్లైడు, రెండున్నర నిమిషాలు.

ఏఎస్‌వీ భాగంలో ఎనిమిది. మందు చరిత్ర, తయారీ, ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎన్ని వయల్స్, ఎందులో కలపాలి, ఎంత వేగంతో ఎక్కించాలి, రియాక్షన్ వస్తే ఏం చేయాలి, మళ్లీ డోసు ఎప్పుడు. చరిత్ర పోతుంది. ఎన్ని, ఎందులో, ఎంత వేగం అన్న మూడూ నిజంగా ఒకే ప్రశ్నవి, శీర్షిక కూడా ఒక్క వాక్యంలో వచ్చేస్తుంది: "10 వయల్స్, సెలైన్‌లో, గంటలోపు." చిన్నపిల్లలకూ అదే డోసు, పాము పిల్లాడని తక్కువ విషం వేయదు కాబట్టి. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది విడిగా ఉండాలి, సమావేశం పెట్టిందే దానికోసం. రియాక్షన్ కూడా విడిగానే. మందు మొదలుపెట్టడానికి పీహెచ్‌సీలో వెనకాడేది ఆ భయంతోనే, సిరంజిలో ముందే తీసి ఉంచుకున్న అడ్రినలిన్ ఆ భయానికి జవాబు. మళ్లీ డోసు సంగతి ఆ వేళకు రోగి చేరే పెద్దాసుపత్రిది.

మిగిలింది తయారీ స్లైడు. తమిళనాడులో మహాబలిపురం దగ్గర 1978లో ఏర్పడిన ఇరుల గిరిజనుల సహకార సంఘం పాములు పట్టి విషం తీస్తోంది, దేశంలో ఏఎస్‌వీ తయారీకి చాలాకాలంగా విషం ప్రధానంగా అక్కడినుంచే వెళ్తోంది. గాజు పాత్ర అంచున నాగుపామును కరిపిస్తున్న ఫోటో. గంట ఉపన్యాసంలో హాలంతా కళ్లప్పగించి చూసేది దీన్నే. వక్తకు ఇష్టమైన స్లైడు, వినేవాళ్లకూ ఇష్టమైనదే, మన వాక్యానికి మాత్రం అవసరం లేదు. అలాగని చెత్తబుట్టలో వేయనక్కర్లేదు. "ఒక ప్రాంతం పాముల విషంతో చేసిన మందు మన పాములకు పనిచేస్తుందా?" అని ఎవరైనా తప్పకుండా అడుగుతారు, అప్పుడు కావాలి. ఇలాంటివాటిని చివరి స్లైడు తర్వాతకు జరిపి, రైట్ క్లిక్ చేసి Hide Slide అనాలి. ప్రదర్శనలో అవి రావు. ప్రశ్న వచ్చినప్పుడు కీబోర్డు మీద ఆ స్లైడు నంబరు కొట్టి Enter నొక్కితే తెర మీదకు వచ్చేస్తుంది. నంబర్లు ఒక చీటీ మీద రాసుకుని పక్కన పెట్టుకోవాలి. మళ్లీ డోసు స్లైడు, వయసు వారీ గణాంకం, ఇంకో మూడు ఇక్కడికే చేరతాయి. ఈ దాపరికం ఐదారుకు మించితే మాత్రం మనం కోయలేదు, వాయిదా వేశామని అర్థం.

మూఢనమ్మకాల మూడు స్లైడ్లు ఈ సభకు అక్కర్లేదు, తాడు కట్టకూడదని డాక్టర్లకు చెప్పనక్కర్లేదు. కానీ రోగి తాడు కట్టించుకునే వస్తాడు. దాన్ని ఒక్కసారిగా విప్పేస్తే ప్రమాదం, ముందు ఏఎస్‌వీ, అడ్రినలిన్ చేతికందేలా పెట్టుకోవాలి. ఆ ఒక్క లైను ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న స్లైడులోకి వెళ్తుంది. ఇదే పీపీటీని రేపు హైస్కూలు హెడ్మాస్టర్లకు 20 నిమిషాల్లో చెప్పమంటే కత్తెర సరిగ్గా తిరగబడుతుంది. ఏఎస్‌వీ ఎనిమిదీ పోతాయి, మూఢనమ్మకాలు, నివారణ కలిసి పది నిమిషాలు తీసుకుంటాయి.

మొత్తం చూస్తే: పేరు అర నిమిషం, గణాంకం ఒకటి, గుర్తుల పట్టిక మూడు, కట్లపాము రెండు, పరీక్ష రెండున్నర, ఎప్పుడు మొదలుపెట్టాలి ఒకటిన్నర, డోసు రెండు, రియాక్షన్ ఒకటిన్నర, పంపడం ఒకటిన్నర, ముగింపు అర. 10 స్లైడ్లు, 16 నిమిషాలు. విషయసూచిక లేదు. 16 నిమిషాల ప్రయాణానికి స్టేషన్ల పట్టీ చదివి వినిపించడం దండగ.

ఇంతటితో అయిపోయిందనుకుని మూసేస్తే సభలో తెల్లమొహం వేయాల్సివస్తుంది. తీసేసిన స్లైడ్లు పోతూ పోతూ కొన్ని దారాలు తెంపేసి పోతాయి. పాత పీపీటీలో గడ్డకట్టే పరీక్షను మొదటిసారి పూర్తి పేరుతో రాసి, ఆ తర్వాత అంతటా 20WBCT అని పొడి అక్షరాలు వాడారు. పూర్తి పేరున్న స్లైడు పోయింది, పొడి అక్షరాలు మిగిలాయి. నరాలకు నీలం, రక్తానికి ఎరుపు అని విషం భాగంలో చెప్పారు. ఇప్పుడా భాగం లేదు, డోసు స్లైడులో నీలం, ఎరుపు గీతలు అర్థం లేకుండా ఉన్నాయి. "ఇందాక గ్రాఫులో చూసినట్టు" అన్న మాట ఒక మూల ఉండిపోయింది, గ్రాఫు లేదు. దీన్ని సొంతంగా పట్టుకోవడం కష్టం, పాత ఉపన్యాసం మనకు కంఠతా ఉంటుంది కాబట్టి కన్ను పూరించుకుపోతుంది. పాతది వినని ఒకరికి ఈ పది స్లైడ్లు చేతికిచ్చి, మాట్లాడకుండా పక్కన కూర్చుని, ఎక్కడ ఆగి కళ్లు చిట్లిస్తారో చూడాలి.

తర్వాత మళ్లీ గడియారంతో చెప్పి చూసుకోవాలి. మొదటిసారి 16 రాదు, 19 వస్తుంది. ఆ మూడు నిమిషాలు ఎక్కడివో Slide Sorter చెబుతుంది. ఎక్కువగా పట్టిక దగ్గరే ఉంటాయి. రెప్పలు ఎందుకు వాలతాయో చెప్పకుండా వక్త ఉండలేడు, నరం కొన, కండరం, మధ్యలో రసాయనం, మొత్తం ఏడు స్లైడ్లూ నోటిగుండా తిరిగొచ్చేస్తాయి. తెర మీద తీసేసింది నాలుక మీద ఉండిపోతుంది. దీనికి మందు, ప్రతి స్లైడుకూ నోరు తెరవగానే చెప్పే మొదటి వాక్యం, తర్వాతి స్లైడుకు వెళ్లే చివరి వాక్యం కాగితం మీద రాసుకోవడం. మధ్యది ఎలాగూ వస్తుంది. స్లైడు కింద నోట్స్‌లో పాత మాటలు అలాగే ఉంటే అవి కూడా చెరిపేయాలి, లేకపోతే కన్ను అటే పోతుంది.

ఇంకొక్క ఏర్పాటు. మన సభల్లో ముందు మాట్లాడేవాళ్లు ఎక్కువ సమయం తీసుకోవడం, ముఖ్య అతిథి ఆలస్యంగా రావడం కొత్త కాదు. వేదిక ఎక్కబోతుంటే "సార్, పది నిమిషాల్లో ముగించండి" అనొచ్చు. అప్పటికప్పుడు కోయడం ఎవరివల్లా కాదు, కాబట్టి ఆ కోత కూడా ముందే కోసి ఉంచుకోవాలి. Custom Slide Show లో ఐదు స్లైడ్లతో ఒక వరస చేసి పేరు పెట్టుకోవచ్చు: గుర్తుల పట్టిక, కట్లపాము, ఎప్పుడు మొదలుపెట్టాలి, డోసు, పంపడం. కూడితే సరిగ్గా పది నిమిషాలు. పరీక్ష స్లైడు పోతుంది, దాన్ని ఒక పేజీ ప్రింటు తీసి నర్సులకు పంచితే సరి. అడ్రినలిన్ మాట డోసు స్లైడు మీద నోటితో చెప్పాలి. అది పోకూడదు.